మట్టి ఫోటో డిలీట్ అయింది.. మరి మాటల్లో ఎలా చెప్పాలి?

ఈ ఎపిసోడ్ మట్టి గురించి. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, మట్టి గురించి ఫోన్‌లో ఎలా చెప్పాలి అన్నదాని గురించి. మొక్క పాడైపోతోందని ఎవరినైనా అడిగితే ఫస్ట్ వచ్చే మాట "ఫోటో పెట్టండి" అనే కదా. ఫోటో లేకపోతే ఏం చేయాలి? నాకు ఈ ప్రశ్న మా పిన్ని వల్ల వచ్చింది. సో ముందు ఆ కథ చెప్తాను, దాంట్లోనే పద్ధతి మొత్తం ఉంది.

పిన్నివాళ్లు ఖమ్మంలో ఉంటారు. ఊళ్లో వాళ్ల పాత ఇల్లు అమ్మేసేటప్పుడు, పెరట్లో ఉన్న కరివేపాకు చెట్టు పక్కన వచ్చిన పిలక ఒకటి వేరుతో సహా తవ్వి తెచ్చుకుంది. కొన్నవాళ్లు ఆ ఇల్లు పడగొట్టి కొత్తది కట్టారు, చెట్టు కూడా పోయింది. అంటే ఆ ఇంటి నుంచి మిగిలింది డాబా మీద కుండీలో ఉన్న ఈ ఒక్క మొక్కే. జూన్‌లో పెద్ద కుండీలోకి మార్చింది. అక్టోబర్ వచ్చేసరికి ఆకులు పసుపు పచ్చగా అయిపోయి రాలడం మొదలైంది. ఒకరోజు సాయంత్రం ఫ్యామిలీ గ్రూప్‌లో ఫోటో పెట్టింది. నేను ఆఫీస్ కాల్‌లో ఉన్నాను, తర్వాత చూద్దాంలే అనుకున్నా. చూసేసరికి ఫోటో లేదు, డిలీట్ చేసేసింది. ఫోన్ చేసి అడిగితే, "ఫోటోలో నేను నైటీలో కనిపిస్తున్నారా, అందుకే తీసేశా" అంది.

మళ్లీ తీసి పంపమన్నా. అప్పటికే చీకటి పడింది, ఫ్లాష్ వేసి తీసింది. దాన్ని అగ్రికల్చర్ బీఎస్సీ చేసిన నా ఫ్రెండ్‌కి ఫార్వర్డ్ చేశా. వాడు చూసి ఒకటే అన్నాడు: "ఇందులో మట్టి రంగు కాదురా, నీ ఫోన్ అనుకున్న రంగు కనిపిస్తోంది."

ఈ మాట నాకు వెంటనే ఎక్కింది, ఎందుకంటే అది మన సైడ్ మ్యాటర్. ఫోన్ కెమెరాలో ఆటో వైట్ బ్యాలెన్స్ ఉంటుంది. లైట్ ఏ రంగులో ఉందో కెమెరా ఒక అంచనా వేసుకుని, దానికి తగ్గట్టు రంగులన్నీ జరుపుతుంది. ఆటో ఎక్స్‌పోజర్ ఏమో, ఫ్రేమ్ అంతా నల్లగా ఉంటే దాన్ని కొంచెం తెల్లబరుస్తుంది. మనుషుల ముఖాలకి ఇది ఓకే. ఫ్రేమ్ నిండా మట్టే ఉన్నప్పుడు మాత్రం, అదే మట్టి ట్యూబ్‌లైట్ కింద ఒకలా, పొద్దున ఎండలో ఒకలా, ఫ్లాష్‌లో ఇంకోలా వస్తుంది. దానికి తోడు ఫోటోలో కనపడేది పైపొర మాత్రమే. వేళ్లు ఉండేది లోపల కదా.

అందుకని నా ఫ్రెండ్ ఫోటో వదిలేసి, "ఆంటీని మట్టి ఎలా ఉందో చెప్పమను" అన్నాడు. కాన్ఫరెన్స్ కాల్ కలిపా. పిన్ని ఏం చెప్పిందో యాజ్ ఇటీజ్ చెప్తాను: "నల్లమట్టి బాబూ, మెత్తగా మంచిగా ఉంటుంది. ఎన్ని నీళ్లు పోసినా ఎండిపోతోంది. రోజూ రెండు చెంబులు పోస్తున్నా."

రంగు నలుపు, తీరు మెత్తన, తేమ లేదు. మూడూ చెప్పేసింది కదా అనిపిస్తుంది. వీటిని నమ్మి ఎవరైనా సలహా ఇస్తే ఏమంటారు? "నీళ్లు ఇంకొంచెం పెంచండి, కాస్త యూరియా వేయండి" అంటారు. ఎరువుల షాపు అతను కూడా పిన్నికి అదే చెప్పాడట, యూరియా కొని కూడా పెట్టుకుంది. మర్నాడు తేలింది ఏమిటంటే, ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా వేళ్ల దగ్గర పరిస్థితి చెప్పలేదు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. తనకి కనిపించింది చెప్పింది. ఏ లోతులో చూసింది, ఎలా చూసింది అన్నది మాత్రం ఆ మాటల్లో లేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ కాల్. ఈసారి పిన్ని చేతిలో పాత స్టీలు గరిటె, ఒక తెల్ల కాగితం, ఒక గ్లాసు నీళ్లు. మొదలు వారగా, వేళ్లు తెగకుండా, కుండీ అంచు దగ్గర నాలుగు అంగుళాల లోతు వరకు మట్టి తీయమన్నాడు. పైమట్టి కాగితం మీద ఒక పక్క, లోపలి మట్టి ఇంకో పక్క పెట్టమన్నాడు. ఇక్కడ నుంచి ఒక్కొక్కటి చూద్దాం.

ఫస్ట్ రంగు. మట్టి తడిస్తే ముదురు రంగులోకి మారుతుంది, అందరికీ తెలిసిందే. అందుకే ఉత్తినే "నలుపు" అంటే అవతలివాళ్లకి ఏమీ తెలియదు. పొడిగా ఉన్నప్పుడు నలుపా, తడిపితే నలుపా? మట్టి శాస్త్రవేత్తలు కూడా ఈ రెండూ విడివిడిగా రాసుకుంటారు. వాళ్ల దగ్గర మన్సెల్ అనే రంగుల పుస్తకం ఉంటుంది. పెయింట్ షాపులో షేడ్ కార్డులు ఉంటాయి కదా, అలాంటిదే. మట్టిగడ్డని ఆ రంగు ముక్కల పక్కన పెట్టి, ఏది కలిసిందో దాని నంబర్ రాస్తారు. `10YR 3/1` అని రాస్తే చాలా ముదురు బూడిద రంగు అని అర్థం. ప్రపంచంలో ఎవరు చదివినా అదే రంగు అర్థమవుతుంది.

మన దగ్గర ఆ పుస్తకం ఉండదు, వంటిల్లు ఉంటుంది. పొడిమట్టి చిటికెడు తీసుకుని దేనిలా ఉందో చెప్పండి. విభూదిలానా, రాగి పిండిలానా, ఇటుక పొడిలానా, కాఫీ పొడిలానా? తర్వాత చుక్క చుక్కగా నీళ్లు వేస్తూ ఇక రంగు మారదు అన్నంత వరకు తడిపి మళ్లీ చెప్పండి. పగటి వెలుతురులో చూడాలి, నీడపట్టున చూడాలి. ట్యూబ్‌లైట్ కింద వద్దు.

పిన్ని పైమట్టి పొడిగా ఉన్నప్పుడు "విభూది కంటే కాస్త ముదురు" అంది, తడిపితే "బొగ్గు". కింది మట్టి దగ్గరికి వచ్చేసరికి ఆగింది. "ఇది నలుపు కాదురా, నీలంగా బూడిద రంగు. మధ్యలో తుప్పు మరకల్లా ఉన్నాయి. వాసన వస్తోంది, కుళ్లిన గుడ్డులాగ."

నా ఫ్రెండ్ వెంటనే, "ఆంటీ, నీళ్లు ఆపేయండి" అన్నాడు. ఎందుకో చెప్తాను. మట్టికి ఎరుపు, గోధుమ రంగు ఇచ్చేది అందులో ఉన్న ఇనుము. గాలి అందుతున్నంత కాలం అది తుప్పు రూపంలోనే ఉంటుంది. మట్టి రంధ్రాల్లో నీళ్లు నిండిపోయి చాలా రోజులు గాలి ఆడకపోతే, అక్కడి సూక్ష్మజీవులు ఆ తుప్పుని వేరే రూపంలోకి మార్చేస్తాయి, మట్టి బూడిద-నీలం రంగుకి తిరుగుతుంది. వేరు పక్కనో, పగులు దగ్గరో ఎక్కడైనా కొంచెం గాలి దూరితే అక్కడ మాత్రం తుప్పు మరక మిగులుతుంది. ఆ గుడ్డు వాసన కూడా గాలి అందని చోట పుట్టేదే. ఆ మట్టిగడ్డని కాగితం మీద అలాగే వదిలేయమన్నాడు. మర్నాటికి అంచులు గోధుమ రంగుకి తిరిగాయి. గాలి తగలగానే ఇనుము మళ్లీ తుప్పు పట్టడం మొదలైంది అన్నమాట.

ఇంకొకటి, నల్లమట్టి అంటే బలమైన మట్టి అని మనకో నమ్మకం. వర్మికంపోస్ట్ నల్లగా ఉంటుంది కాబట్టి అలా అనిపిస్తుంది. మన నల్లరేగడి అంత నల్లగా ఉన్నా దాంట్లో సేంద్రియ పదార్థం చాలాసార్లు తక్కువే ఉంటుంది. సో నలుపు చూసి "మంచిగా ఉంటుంది" అనే మాట కలపకండి. రంగు చెప్పండి, సర్టిఫికెట్ ఇవ్వకండి.

నెక్స్ట్ తీరు. అంటే మట్టిలో ఇసుక ఎంత, ఒండ్రు ఎంత, బంక ఎంత అన్నది. "మెత్తగా" అనే మాట ఇక్కడ మోసం చేస్తుంది. పొడి చేస్తే బంకమట్టి కూడా పౌడర్‌లా మెత్తగానే ఉంటుంది. చూడాల్సింది తడిపి పిసికినప్పుడు.

చిన్న నిమ్మకాయంత మట్టి తీసుకోండి. రాళ్లు, వేళ్లు, పీచు ఏరేయండి. కొంచెం కొంచెం నీళ్లు చల్లుతూ, చపాతీ పిండి పదును వచ్చే వరకు ఒకటి రెండు నిమిషాలు పిసకండి. గబగబా రెండుసార్లు నొక్కి ఆపేయొద్దు, బంకమట్టి గడ్డలు విడిపోవడానికి టైమ్ పడుతుంది. ముందు ఉండ చేయండి. ఉండే కట్టకపోతే అది ఇసుక మట్టి. ఉండ కడితే, దాన్ని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి నెమ్మదిగా పైకి నెట్టండి. రిబ్బన్‌లా పట్టీ వస్తుంది. దాని బరువుకి అదే తెగిపోయే వరకు నెట్టి, తెగిన ముక్కని స్కేల్‌తో కొలవండి. పట్టీ రాకముందే తెగిపోతే ఇసుక ఎక్కువ ఉన్నట్టు. రెండున్నర సెంటీమీటర్ల లోపు తెగితే ఇసుక, ఒండ్రు, బంక మూడూ కలిసిన గరప మట్టి. రెండున్నర నుంచి ఐదు మధ్య అయితే అందులో బంక పాలు ఎక్కువ. ఐదు దాటి వస్తే అది బంకమట్టే.

పిన్ని నెట్టింది. స్కేల్ పెట్టి "ఏడు సెంటీమీటర్లు" అంది. చివర్లో, "మురుకుల పిండి కూడా ఇంత బాగా రాదురా" అని నవ్వింది కూడా. "ఈ మట్టి ఎక్కడిది?" అని అడిగితే, ఊరి చెరువు మట్టి. బలమైనదని ఎవరో చెబితే ట్రాక్టర్ అతన్ని అడిగి రెండు బస్తాలు తెప్పించి, కుండీ నిండా అదే నింపింది. చెరువు మట్టి పొలానికి తోలడం మన దగ్గర పాత పద్ధతే. అక్కడ దాన్ని ఎర్రచెలక మీద పల్చగా వేసి కలిపి దున్నుతారు, ఇసుక నేలకి తేమ పట్టే గుణం వస్తుంది. కుండీలో ఇంకేమీ కలపకుండా అదొక్కటే నింపితే, నీరు దిగే దారి ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మీ కుండీలో కోకోపీట్, వర్మికంపోస్ట్ ఎక్కువ ఉంటే ఈ పట్టీ టెస్ట్ పనిచేయదు. పీచు వల్ల ఉండ విరిగిపోతుంది, మీరేమో ఇసుక మట్టి అనుకుంటారు. అలాంటప్పుడు టెస్ట్ మానేసి ఏమేం కలిపారో, ఎన్ని పాళ్లు కలిపారో చెప్పండి. అదే ఎక్కువ ఉపయోగం.

ఇక తేమ. దీన్ని కావాలనే చివర్లో పెట్టాను. తీరు తెలియకుండా తేమ చెబితే అర్థం కాదు. ఇసుక మట్టి బాగా తడిగా ఉన్నా గట్టి ఉండ కట్టదు. బంకమట్టి అలా కాదు, మొక్క పీల్చుకోగలిగిన నీరు అయిపోయాక కూడా చేతికి చల్లగా, ముద్దగానే తగులుతుంది. కాబట్టి ముందు ఏ మట్టో చెప్పి, ఆ తర్వాత తడి గురించి చెప్పాలి.

తేమ చెప్పేటప్పుడు మూడు ఉండాలి: ఎంత లోతులో చూశారు, నీళ్లు పోసి ఎంతసేపైంది, గుప్పిట్లో నొక్కితే ఏమైంది. నొక్కినప్పుడు పొడిగా రాలిపోయిందా? ఉండ కట్టి, వేలితో తడితే విరిగిందా? ఉండ నిలబడి అరచేతికి తడి మరక అంటిందా? లేక వేళ్ల సందుల్లోంచి నీరు వచ్చిందా? ఈ నాలుగింటిలో ఏదో ఒకటి చెబితే చాలు.

పిన్ని కుండీలో పైన ఒక అంగుళం ఎండిపోయి నెర్రెలు కొట్టింది. ఆవిడ రోజూ చూసేది ఆ అంగుళమే, చూసి నీళ్లు పోసేది. నాలుగు అంగుళాల కింద మట్టి నొక్కితే, నీళ్లు పోసి ఇరవై గంటలు దాటినా వేళ్ల మధ్య నుంచి నీరు వచ్చింది. కింద కన్నంలో పుల్ల పెట్టి చూడమంటే గట్టిగా తగిలింది, బంక అక్కడ సిమెంట్‌లా పూడిపోయింది. రోజూ రెండు చెంబులు లోపలికి వెళ్తున్నాయి, బయటికి పోయే దారి లేదు.

ఇప్పుడు ఆకుల సంగతి కూడా కలిసింది. కింది ముదురు ఆకులు ముందు మొత్తంగా పసుపు అయ్యాయి, కొమ్మలు వాలాయి. అదే లేత ఆకులు పసుపు అయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపాన్ని అనుమానించేవాళ్లం. ఇక్కడ మట్టి నిండా నీళ్లున్నా మొక్క వాలిపోవడానికి కారణం వేళ్లకి ఊపిరి ఆడకపోవడం. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు. చూసేవాళ్లకేమో దాహంతో వాలినట్టే కనిపిస్తుంది. ఆ టైమ్‌లో యూరియా పడి ఉంటే ఉన్న కాసిని వేళ్లు కూడా పోయేవి.

కాల్ అయ్యాక పిన్ని చెప్పినవన్నీ కలిపి ఒక మెసేజ్‌గా రాశాను. ఫోటో లేకుండా ఎవరికి పంపినా అర్థమయ్యేది ఇలా ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసుకోండి:

"కుండీలో కరివేపాకు. ఊరి చెరువు మట్టి, ఇంకేమీ కలపలేదు. పైమట్టి పొడిగా ఉంటే ముదురు విభూది రంగు, తడిపితే బొగ్గు రంగు. 4 అంగుళాల లోతులో నీలం-బూడిద, తుప్పు మరకలు, కుళ్లిన గుడ్డు వాసన. పట్టీ 7 సెంటీమీటర్లు వచ్చింది. పైన ఒక అంగుళం పొడి, నెర్రెలు. నీళ్లు పోసి 20 గంటలైనా 4 అంగుళాల దగ్గర నొక్కితే నీరు కారుతోంది. కింద కన్నం మూసుకుపోయింది. కింది ఆకులు ముందు పసుపు అయ్యాయి."

ఇందులో "మంచి మట్టి", "బాగా ఎండిపోయింది" లాంటి మాట ఒక్కటి కూడా లేదు. మన అభిప్రాయం లేదు, చూసింది మాత్రమే ఉంది. మేం కోడ్‌లో బగ్ రిపోర్ట్ రాసేటప్పుడు కూడా "యాప్ పనిచేయట్లేదు" అని రాస్తే తిట్లు పడతాయి. ఏం నొక్కావు, ఏం వచ్చింది అన్నదే రాయాలి.

తర్వాత ఏం చేశామంటే, మొక్కని మట్టిముద్దతో సహా బయటికి తీసి, నల్లగా మెత్తబడిన వేళ్లు కత్తిరించేసింది. తెల్లగా గట్టిగా ఉన్నవి మూడో వంతు కూడా లేవట. కొత్త కుండీకి కన్నాలు పెద్దవి చేయించి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కంపోస్ట్, ఒక పాలు ముతక ఇసుక కలిపి నాటింది. ఆ చెరువు మట్టిలోనే కాస్త ఇసుక కలిపేస్తే సరిపోదా అని నేను అడిగా. వద్దన్నాడు. బంకలో కొద్దిగా ఇసుక వేస్తే ఆ రేణువుల చుట్టూ బంక పట్టేసి ఇంకా గట్టిపడుతుందట. వేళ్లు తగ్గాయి కాబట్టి పైన కొమ్మలు కూడా కొన్ని కత్తిరించి, పది రోజులు నీడలో పెట్టింది. ఎరువు ఏమీ వేయలేదు. వేలు రెండు కణుపులు లోపలికి గుచ్చి, పొడిగా తగిలితేనే నీళ్లు.

కొమ్మలు రెండు ఎండిపోయాయి, అవి మళ్లీ రాలేదు. ఐదు వారాలకి మొదలు దగ్గర చిగుర్లు వచ్చాయి. పిన్ని ఆ చిగుర్ల ఫోటో గ్రూప్‌లో పెట్టింది, ఈసారి చీర కట్టుకుని వచ్చి తీసింది.

ఈ పద్ధతికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. కళ్లతో, చేత్తో తెలిసేది నీరు, గాలి, మట్టి తీరు వరకే. పీహెచ్ ఎంత, ఉప్పు ఎంత, నత్రజని, భాస్వరం ఎంత ఉన్నాయి అన్నది ఎంత బాగా వర్ణించినా తెలియదు. పైన తెల్లటి పొర కట్టి ఉంటే అది ఉప్పు కావచ్చు, సున్నం కావచ్చు. దాని మీద రెండు చుక్కలు వెనిగర్ వేసి, బుసబుస పొంగితే సున్నం ఉందని మాత్రం చెప్పొచ్చు. మిగతావాటికి ల్యాబే. పెరట్లో నేల అయితే నాలుగైదు చోట్ల పదిహేను సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, బాగా కలిపి, నీడలో ఆరబెట్టి, అందులో అరకిలో తీసుకుని మీ దగ్గర్లోని భూసార పరీక్షా కేంద్రానికి ఇవ్వండి. ఎరువు వేసిన చోట, పెంటకుప్ప పక్కన తీయొద్దు, లెక్క తప్పుతుంది.

ఇంట్లో కుండీ ఉంటే ఈ వారం ఒకసారి గరిటె పట్టుకుని నాలుగు అంగుళాల లోపలికి వెళ్లి చూడండి. పైన ఉన్న రంగు, కింద ఉన్న రంగు ఒకటేనా? కాకపోతే ఆ రెండూ దేనిలా ఉన్నాయో కింద కామెంట్‌లో రాయండి, ఫోటో అక్కర్లేదు. నా ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి చదివిస్తాను. ఉంటాను మరి.